గేటుకు వేసిన శిక్ష

ఇంటర్‌నెట్ చిరునామాను, అంటే ఐపీ అడ్రస్‌ను, ఇంటి నంబరుతో పోల్చడం ఎంతగా అలవాటైపోయిందంటే, అది పోలిక మాత్రమేనన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ఐపీ అడ్రస్ దొరికింది కనుక నిందితుడు దొరికినట్టేనని సైబర్ నేరాల వార్తలు చదివే పాఠకుడు అనుకుంటాడు. అల్లరి చేసిన ఐపీని బ్లాక్ చేశాను కనుక అల్లరి చేసినవాణ్ణి బయటికి నెట్టానని వెబ్‌సైటు నిర్వాహకుడు నమ్ముతాడు. బ్లాక్ అయిన ఫోను పట్టుకుని వచ్చినవాణ్ణి, ఏదో చేసే ఉంటాడన్న అనుమానంతో చుట్టుపక్కలవాళ్ళు చూస్తారు. ఈ మూడు నమ్మకాలకూ పునాది ఒక్కటే: ఒక చిరునామా వెనక ఒక మనిషి, లేదా కనీసం ఒక ఇల్లు ఉంటుందన్న ప్రతిపాదన. టెలిఫోను తీగ మీద ఇంటర్‌నెట్ వచ్చిన రోజుల్లో దీనిలో కొంత నిజం ఉండేది. మొబైల్ నెట్‌వర్కుల విషయంలో ఇప్పుడు అది తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ఎవరో చూడాలంటే, ఫోను తప్ప మరో ఇంటర్‌నెట్ లేని శ్రామికులు వేల సంఖ్యలో అద్దె గదుల్లో ఉండే పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం వంటి పారిశ్రామికవాడల వైపు చూడాలి.

ముందుగా ఒకే చిరునామాను చాలామందికి పంచడం ఎందుకు అవసరమైందో తెలియాలి. ఎందుకంటే దీన్ని టెలికాం సంస్థల పిసినారితనంగా కొట్టిపారేయడం కూడా అదే అపోహలో భాగం. పాత పద్ధతి చిరునామా, అంటే ఐపీవీ4, 32 బిట్ల సంఖ్య. అలాంటి సంఖ్యలు ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్లు మాత్రమే ఉంటాయి. వాటిని ఖండాలవారీగా పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు పంచే ఏప్‌నిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న తన చివరి నిల్వకు చేరి, ఆ నిల్వ నుంచి ఒక్కో సభ్య సంస్థకు 1,024 చిరునామాలకు మించి ఇవ్వలేమని పరిమితి పెట్టింది; 2019లో ఆ పరిమితిని 512కు తగ్గించింది. భారతదేశంలో ప్రతి చేతిలోకీ ఫోను డేటా వచ్చింది ఆ తర్వాతే. జియో సేవలు మొదలైనది 2016 సెప్టెంబరు 5న. దేశంలో ఇప్పుడు మొబైల్ కనెక్షన్లు 110 కోట్ల పైచిలుకు. గింజలు అయిపోయాక పంక్తిలో కూర్చున్నవాళ్ళకు ఉన్న అన్నాన్నే పంచక తప్పదు. ఆ పంచే యంత్రమే క్యారియర్ గ్రేడ్ నాట్, వాడుకలో సీజీనాట్.

ఈ యంత్రం పనిచేసే తీరు ఫ్యాక్టరీ గేటు తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. పాశమైలారంలోని ఒక పెద్ద ఫ్యాక్టరీకి బయటి లోకం దృష్టిలో ఉన్నది ఒకే చిరునామా: ప్లాట్ నంబరు, గేటు. లోపల ఉన్న వందల మంది కార్మికులకు టోకెన్ నంబర్లు ఉంటాయి, కానీ ఆ నంబర్లకు గేటు అవతల అర్థం లేదు. పక్క ఫ్యాక్టరీలోనూ అవే నంబర్లు ఉండవచ్చు. మొబైల్ సంస్థ కూడా ప్రతి ఫోనుకూ ఇలాంటి లోపలి చిరునామానే ఇస్తుంది. అది సాధారణంగా 10తో మొదలవుతుంది, లేదా సరిగ్గా ఈ పనికోసమే 2012లో కేటాయించిన 100.64.0.0/10 అనే శ్రేణిలో ఉంటుంది. ఫోను సెట్టింగ్స్‌లో స్టేటస్ పేజీ తెరిచి అక్కడ కనిపించే ఐపీ అడ్రస్‌ను, ఇంటర్‌నెట్‌లో ఏదైనా సైటు చూపే «మీ ఐపీ»తో పోల్చితే రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. కొన్ని నెట్‌వర్కుల్లో స్టేటస్ పేజీలో 192.0.0.4 అని కనిపించడం కూడా కద్దు, అది ఫోను తనకు తాను పెట్టుకున్న నామమాత్రపు ఐపీవీ4 చిరునామా. రెండు ఐపీవీ4 చిరునామాలూ ఒకటి కాకపోతే మధ్యలో గేటు ఉన్నట్టే.

గేటు దగ్గర ఎవరి ఉత్తరం ఎవరిదో తెలియడానికి వాడే గుర్తు పోర్ట్ నంబరు. ప్రతి కనెక్షన్‌కూ చిరునామాతో పాటు ఒక పోర్ట్ నంబరు ఉంటుంది. ఇది 16 బిట్ల సంఖ్య కనుక ఒక చిరునామాకు 65,536 పోర్ట్‌లు ఉంటాయి, వాటిలో మొదటి 1,024 ప్రత్యేక పనులకు వదిలేస్తే 64,512 మిగులుతాయి. సీజీనాట్ యంత్రం వీటిని ఒక్కొక్కటిగా కాక దొంతరలుగా పంచడం పరిపాటి. ఒక్కో ఫోనుకు 256 పోర్ట్‌ల దొంతర ఇస్తే ఒకే పబ్లిక్ చిరునామా మీద 252 మంది సరిపోతారు; దొంతరను 128కి తగ్గిస్తే 504 మంది. దొంతరను ఇంకా చిన్నది చేస్తే మనుషులు పెరుగుతారు గాని, ఫోనులో ఒకేసారి నాలుగైదు యాప్‌లు కదిలినప్పుడు పోర్ట్‌లు చాలక కొత్త కనెక్షన్లు పుట్టవు; అప్పటికే నడుస్తున్న పాట ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, కొత్తగా తెరిచిన పేజీలో మాత్రం సగం బొమ్మలు రావు. సిగ్నల్ నిండుగా ఉండి ఇలా జరిగితే లోపాన్ని టవర్‌లో కాక ఇక్కడ వెతకాలి. చాలామంది అనుకున్నట్టు ఈ గేటు టవర్ కింద ఉండదు. ఇస్నాపూర్ టవర్‌కు తగిలిన ఫోను ఎక్కడో నగరంలోని కేంద్రం గుండా బయటికి వస్తుంది. దానితో చిరునామా పంచుకునేవాళ్ళు పక్కగదివాళ్ళే కానక్కర లేదు, జహీరాబాద్‌లోనో మరో జిల్లాలోనో ఉన్న అపరిచితులు కావచ్చు. ఇంటి నంబరు పోలిక అసలు కూలిపోయేది ఇక్కడే: ఈ చిరునామా ఒక వీధిని కూడా చూపదు.

ఇక బ్లాక్ చేయడం సంగతి. వెబ్‌సర్వర్లు నడిపేవారు దాడులను ఆపడానికి సాధారణంగా వాడే సూత్రం, చిరునామాకు ఇన్ని అభ్యర్థనలు అని లెక్కగట్టడం. ఎంజిన్‌ఎక్స్ అనే బహుళ ప్రచారంలో ఉన్న సర్వర్‌లో ఆ నియమం రెండు వరుసల్లో రాయవచ్చు:

```
limit_req_zone $binary_remote_addr zone=login:10m rate=1r/s;
limit_req zone=login;
```

దీని అర్థం, ఒక చిరునామా నుంచి సెకనుకు ఒక అభ్యర్థన మాత్రమే అనుమతించాలని. ఒక చిరునామా అంటే ఒక మనిషి అయినప్పుడు ఇది ఉదారమైన నియమం. అదే చిరునామా వెనక 252 మంది ఉంటే ఒక్కో మనిషి వంతుకు నాలుగు నిమిషాలకు ఒక అభ్యర్థన మిగులుతుంది. రాత్రి 10 గంటలకు బీ షిఫ్టు వదిలి, గదికి చేరి, భవిష్యనిధి ఖాతాలో ఎంత పడిందో చూసుకుందామనుకున్న కాంట్రాక్టు కార్మికుడు ఎవరితో పోటీ పడుతున్నాడో అతనికి తెలియదు, ఆ సర్వర్ నిర్వాహకుడికీ తెలియదు. ఫెయిల్‌టుబ్యాన్ అనే కాపలా ప్రోగ్రాం మామూలు అమరికలో పది నిమిషాల్లో ఐదు తప్పు ప్రయత్నాలు కనిపిస్తే ఆ చిరునామాను పది నిమిషాలు మూసేస్తుంది. ఐదుగురు వేర్వేరు మనుషులు తలా ఒకసారి పాస్‌వర్డ్ తప్పు కొట్టినా ఈ లెక్కకు అది ఒకే దొంగ ఐదుసార్లు తలుపు తట్టినట్టే. ఎవరూ దాడి చేయకుండానే దాడి జరిగినట్టు నమోదు కావడం ఈ పద్ధతిలోని అసలు వింత.

బ్లాక్‌ను సమర్థించేవారి వాదాన్ని బలహీనంగా చెప్పి ఖండించడం న్యాయం కాదు. వారి వాదం ఇది: దాడి జరుగుతున్నప్పుడు తత్వవిచారానికి తీరిక ఉండదు, చిరునామాను మూస్తే ఆ క్షణానికి దాడి ఆగుతుంది, నిర్దోషులు నలుగురు కాసేపు ఇబ్బంది పడినా వందల మందికి సేవ నిలుస్తుంది. దీనిలో మొదటి భాగం నిజమే. దాడి ఏదో డేటాసెంటర్‌లోని అద్దె సర్వర్ నుంచి వస్తే ఆ చిరునామాను మూయడం సరైన పని, ఎందుకంటే అక్కడ చిరునామాకూ అద్దెదారుకూ సాధారణంగా ఒకటికి ఒకటి లెక్క కుదురుతుంది. మొబైల్ చిరునామా దగ్గరికి వచ్చేసరికి ఇదే వాదం తలకిందులవుతుంది. అల్లరి చేసినవాడు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీస్తే నెట్‌వర్కుకు మళ్ళీ కొత్తగా తగులుతాడు. కొత్త లోపలి చిరునామా, తరచుగా దానితో పాటు కొత్త పబ్లిక్ చిరునామా వస్తాయి. అతనికి పట్టేది అర నిమిషం. తాము బ్లాక్ అయ్యామనే తెలియనివాళ్ళు, తెలిసినా ఈ చిట్కా తెలియనివాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోతారు. అంటే బ్లాక్ వేసిన కొద్ది నిమిషాలకే దాని వెనక దోషి తప్ప మిగిలిన అందరూ ఉంటారు. అత్త మీది కోపం దుత్త మీద చూపినా కనీసం అత్త ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఆమె ఎప్పుడో వెళ్ళిపోయింది.

«నిర్దోషులు నలుగురే» అన్న మాటకూ ఆధారం లేదు. ఇంటర్‌నెట్ రాకపోకల్లో పెద్ద భాగాన్ని చూసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ పరిశోధకులు 2025 అక్టోబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారం, సీజీనాట్ వెనక ఉన్న చిరునామాల నుంచి యంత్రాల రాకపోకలు మిగతావాటికన్నా ఎక్కువ కాకపోయినా, అవి వేగ పరిమితుల దెబ్బ తినడం మాత్రం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. దెబ్బ ఎవరి మీద పడుతుందన్నది కూడా యాదృచ్ఛికం కాదు. ఒకే ప్రహరీ లోపల, ఫ్యాక్టరీ ఆఫీసులో లీజ్డ్ లైన్ మీద మారని చిరునామాతో పనిచేసే గుమాస్తా తన చిరునామా సైటువారికి చెప్పి మినహాయింపు పొందగలడు. ప్లాంటులో పనిచేసే ఒడిశా, బిహార్ కార్మికుడికి ఉన్నది ప్రీపెయిడ్ సిమ్, తనది కాని చిరునామా. దేన్ని మినహాయించమని అతను అడగాలి?

మరి బ్లాక్ చేయక ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు కష్టమైనది కాదు, కాస్త ఓపిక అడిగేది. లాగిన్ అయినవారిని చిరునామాతో కాక ఖాతాతో లెక్కించాలి. లాగిన్ కాకముందు, ఏ ఖాతా పేరు మీద ప్రయత్నాలు జరుగుతున్నాయో ఆ పేరు మీద ఒక పరిమితి, చిరునామా మీద దానికన్నా చాలా సడలించిన మరో పరిమితి పెట్టాలి. చిరునామాను పూర్తిగా వదిలేయమని కాదు. ఖాతా గుర్తు లేకుండా గుంపుగా వచ్చే అభ్యర్థనలకు వేరే ఆధారం ఉండదు కనుక అది చివరి అడ్డుగా ఉండాలి, నిమిషాల లెక్కన ఉండాలి. మొబైల్ చిరునామాను నెలలపాటు మూసి ఉంచే జాబితాలు మాత్రం సమర్థించలేనివి. నెలలో ఆ గేటు గుండా ఎందరు వచ్చి వెళ్తారో లెక్కే ఉండదు.

శిక్షలో జరిగిన పొరపాటు పది నిమిషాల్లో తీరిపోవచ్చు. దర్యాప్తులో జరిగితే తీరదు. కనుక ఒక ఉదాహరణను అంకెలతో సహా చూడడం అవసరం. ఇది వివరణ కోసం అల్లినది. పబ్లిక్ చిరునామా కూడా పుస్తకాల్లో ఉదాహరణలకు కేటాయించిన శ్రేణిలోదే. ఒక ఉద్యోగ దరఖాస్తు సైటులో ఎవరో నకిలీ దరఖాస్తు పెట్టారు, సర్వర్ లాగ్‌లో ఈ వరుస ఉంది:

```
203.0.113.45 41877 [2025-11-14T16:40:07+00:00] "POST /apply"
```

మొదటిది పబ్లిక్ చిరునామా, రెండోది పోర్ట్, మూడోది సమయం. మొబైల్ సంస్థ దగ్గర ఉండే సీజీనాట్ రికార్డులో 203.0.113.45 చిరునామా తాలూకు 41728 నుంచి 41983 వరకు ఉన్న 256 పోర్ట్‌ల దొంతర, అదే కాలమానంలో 16:21 నుంచి 16:58 వరకు 100.72.18.204 అనే లోపలి చిరునామా దగ్గర ఉందని ఉంటుంది. 41877 ఆ దొంతరలోనే ఉంది కనుక, ఆ లోపలి చిరునామా ఆ సమయంలో ఏ సిమ్‌కు ఇచ్చారో చూస్తే పని పూర్తవుతుంది. ఇప్పుడు పోర్ట్ నంబరు లేదనుకోవాలి. చాలా సర్వర్లు మామూలు అమరికలో దాన్ని రాసుకోవు. అప్పుడు అదే ప్రశ్నకు జవాబు ఒక సిమ్ కాదు, 252 సిమ్‌ల జాబితా. పోర్ట్ ఉండి సమయం తప్పుగా చదివితే సంగతి ఇంకా ప్రమాదకరం. పై వరుసలోని +00:00 ఆ సమయం అంతర్జాతీయ కాలమానంలో ఉందని చెబుతుంది, అంటే భారత కాలమానంలో రాత్రి 10 గంటల 10 నిమిషాలు. ఎవరైనా ఆ గుర్తును పట్టించుకోకుండా సాయంత్రం 4:40 అని నోటీసులో రాస్తే, అయిదున్నర గంటల ముందు అదే దొంతర వాడిన మరో మనిషి పేరు వస్తుంది. 252 మంది జాబితా వస్తే దర్యాప్తు అధికారికి అనుమానమైనా కలుగుతుంది. ఒకే ఒక్క తప్పు పేరు వస్తే అనుమానానికి తావే ఉండదు.

ఇంకో చిక్కు సైటు వైపే ఉంది. సైటు ముందు మరో మధ్యవర్తి సర్వర్ ఉంటే, వెనక ఉన్న సర్వర్‌కు కనిపించే పోర్ట్ ఆ మధ్యవర్తిదే. సందర్శకుడి చిరునామాను ముందుకు చేరవేసే శీర్షికల్లో పోర్ట్ సాధారణంగా ఉండదు. పోర్ట్ రాసి ఉంది కదా అని తృప్తి పడకుండా, అది ఎవరి పోర్ట్ అని అడగాలి.

సర్వర్లు చిరునామాతో పాటు పోర్ట్‌ను, సెకను వరకు సరైన సమయాన్ని రాసుకోవాలని ఆర్‌ఎఫ్‌సీ 6302 అనే సాంకేతిక సిఫారసు 2011 జూన్‌లోనే చెప్పింది. భారతదేశంలో టెలికాం లైసెన్సుల నిబంధన 2021 డిసెంబరు సవరణ తర్వాత ఇంటర్‌నెట్ వాడకపు రికార్డులను కనీసం రెండేళ్ళు దాచమంటుంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలన్నీ లాగ్‌లను 180 రోజులు ఉంచి గడియారాలను ప్రామాణిక సమయంతో కలపాలన్నాయి. టెలికాం వైపు ఎంత దాచినా, సైటు వైపు పోర్ట్ లేకపోతే ఆ రెండు రికార్డులనూ కలిపే తాళంచెవి లేనట్టే. చిరునామా మీది అతివిశ్వాసం ఎక్కడికి దారితీస్తుందో సీజీనాట్ ఇంత వ్యాపించకముందే కనిపించింది: 2007లో బెంగళూరుకు చెందిన ఒక ఇంజనీరును, ఒక సామాజిక మాధ్యమంలో పెట్టిన అభ్యంతరకర చిత్రం కేసులో తప్పుడు ఐపీ వివరాల ఆధారంగా అరెస్టు చేసి, పుణేలో 50 రోజులు జైల్లో ఉంచారు. అప్పుడు చిరునామా ఒక్కరిదే. ఆ ఒక్కరు ఎవరన్నదే తప్పింది.

ఇంకో శిబిరం అసలు సీజీనాట్‌నే తీసిపారేయమంటుంది. యూరోపోల్ 2017 అక్టోబరులో, నేరస్థులు దీని వెనక దాక్కుంటున్నారని, దీనికి స్వస్తి పలకాలని బహిరంగంగా కోరింది. ఫిర్యాదు సబబైనదే, మందు మాత్రం సరిపడదు. బెల్జియంలో 2012లో టెలికాం సంస్థలు ఒక చిరునామాకు 16 మందికి మించకూడదని స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి. చిన్న దేశం, చిరునామాలు ముందే చేతిలో ఉన్న సంస్థలు కనుక అది సాధ్యమైంది. 110 కోట్ల కనెక్షన్లకు అదే లెక్క వేస్తే దాదాపు 6.9 కోట్ల చిరునామాలు కావాలి. ఏప్‌నిక్ చివరగా పట్టుకున్న నిల్వ మొత్తం దాదాపు 1.68 కోట్లు. నిల్వే లేని సరుకును రేషన్‌గా పంచమనే వాదం ఇది.

నిజమైన దారి ఐపీవీ6. 128 బిట్ల ఈ చిరునామాల్లో కొరత అన్న మాటే లేదు. జియో వంటి నెట్‌వర్కులో ప్రతి ఫోనుకూ దానికంటూ ప్రత్యేకంగా ఒక /64, అంటే కనెక్షన్ ఉన్నంతసేపు ముందు సగం స్థిరంగా ఉండి వెనక సగం ఫోను ఇష్టానికి వదిలిన శ్రేణి వస్తుంది. సైటు కూడా ఐపీవీ6లో ఉంటే పటాన్‌చెరులోని ఫోను గేటు అవసరం లేకుండా నేరుగా దాన్ని చేరుతుంది. సైటు పాత పద్ధతిలోనే ఉండిపోతే నెట్‌వర్కు ఆ ఫోనును మళ్ళీ అదే ఉమ్మడి ఐపీవీ4 గేటు గుండా పంపక తప్పదు. కనుక ఉమ్మడి చిరునామాల గురించి నిర్వాహకులు చేసే ఫిర్యాదులో ఒక భాగం తిరిగి వారి గుమ్మానికే చేరుతుంది. ఇక్కడ కూడా పాత అలవాటు వెంట వస్తే మేలు దక్కదు. ఫోను గోప్యత కోసం వెనక సగాన్ని తరచూ మార్చుకుంటుంది కనుక పూర్తి చిరునామా ఒక్కదాన్నే బ్లాక్ చేస్తే ఎవరూ ఆగరు. కొలత /64 కావాలి. అది కూడా ఫోను మళ్ళీ తగిలినప్పుడు మారుతుంది, కానీ దాని వెనక ఉండేది ఒక ఫోను, మహా అయితే దాని హాట్‌స్పాట్ వాడుకునే గదిలోని నలుగురు. విసిగిపోయిన నిర్వాహకుడు కొలత పెంచి /32ను మూస్తే, మూసుకునేది 252 మందికి కాదు. ఆ సంస్థ శ్రేణిలోని పెద్ద భాగానికి, అందులో ఉండగల లెక్కలేనన్ని ఫోన్లకు.